గోడలో ఒంటి తీగ, బయట ఏడు పోగులు

హనుమకొండలో ఒక రెండంతస్తుల ఇల్లు. 300 ఎంబీపీఎస్ ఇంటర్నెట్ ప్లాన్. కింద హాల్లో రౌటరుకు లాప్‌టాప్ తగిలించి కొలిస్తే 290 దాకా వస్తోంది. మేడమీద గదిలో గోడలోంచి వచ్చిన లాన్ కేబుల్‌కు అదే లాప్‌టాప్ తగిలిస్తే 94. పొద్దున కొలిచినా 94, అర్ధరాత్రి కొలిచినా 94. వైఫై బలహీనంగా ఉంటే అంకె ఊగుతుంది. ఇంటర్నెట్ ఇచ్చేవాళ్ల వైపు రద్దీ ఉంటే సాయంత్రం ఒకలా, తెల్లవారుజామున ఒకలా ఉంటుంది. ఇలా గీత గీసినట్టు 94 దగ్గరే నిలబడిందంటే తప్పు తీగలో ఉందని ఈ పనిలో ఉన్నవాళ్లు చూడకుండానే చెప్పేస్తారు.

కారణం ఇదీ. లాన్ కేబుల్ లోపల ఎనిమిది సన్న తీగలుంటాయి. రెండేసి చొప్పున మెలివేసిన నాలుగు జంటలవి: నారింజ, ఆకుపచ్చ, నీలం, గోధుమ. ఒక్కో రంగు తీగకు జోడుగా అదే రంగు చార ఉన్న తెల్ల తీగ. సెకనుకు 1000 మెగాబిట్లు పోవాలంటే నాలుగు జంటలూ పనిచేయాలి. 100 మెగాబిట్ల పాత పద్ధతికి నారింజ, ఆకుపచ్చ జంటలు చాలు. నీలంలోనో గోధుమలోనో ఒక్క తీగ తెగితే చాలా పరికరాలు సంబంధం పూర్తిగా వదులుకోవు, నాలుగింట రెండు జంటలతో సరిపెట్టుకుని వందకు దిగిపోతాయి. ఆ వందలోంచి ప్యాకెట్ల చిరునామాలకూ మధ్య ఖాళీలకూ పోయేది పోగా మనకు మిగిలేది 94 లేదా 95. విండోస్ కంప్యూటరులో ఈథర్నెట్ సెట్టింగుల పేజీ తెరిస్తే `Link speed (Receive/Transmit)` అన్న వరుస ఉంటుంది. అక్కడ `1000/1000 (Mbps)` బదులు `100/100 (Mbps)` కనిపిస్తే అనుమానం రుజువైనట్టే. నారింజ, ఆకుపచ్చల్లో తీగ తెగితే ఈ మాత్రం కూడా రాదు, అసలు లింకే వెలగదు.

ఆ ఇంట్లో గోడలోని పైపులోంచి బయటికొచ్చిన కేబుల్ చివర నేరుగా ఒక ఆర్‌జె45 ప్లగ్ క్రింప్ చేసి ఉంది. మన ఊళ్లలో పదింట తొమ్మిదిళ్లలో ఇలాగే చేస్తారు. ప్లాస్టిక్ మూతకు రంధ్రం, రంధ్రంలోంచి మూరెడు కేబుల్, చివర ప్లగ్. టేబుల్ గోడకు ఆనించి ఉండటంతో ఆ మూరెడు కేబుల్ ప్లగ్ దగ్గర మడతపడి ఉంది. ఊడ్చేటప్పుడు టేబుల్ జరిగినప్పుడల్లా ఆ మడత తెరుచుకుని మళ్లీ మూసుకునేది. ఇంటికి వైరింగ్ చేసిన కుర్రాడిని పిలిపిస్తే, "అన్నా, అప్పుడు టెస్టర్ పెట్టి చూసిన, ఎనిమిది లైట్లూ వెలిగినయ్" అన్నాడు. నిజమే, అప్పుడు వెలిగే ఉంటాయి. మళ్లీ టెస్టర్ పెట్టించి, లైట్లు వరసగా తిరుగుతుండగా ప్లగ్ దగ్గర కేబుల్‌ను అటూ ఇటూ వంచి చూశాం. నాలుగో లైటు ఒకసారి వెలిగి ఒకసారి ఆరింది. నాలుగో పిన్ను నీలం తీగ. పైన ప్లాస్టిక్ తొడుగు చెక్కు చెదరలేదు, లోపల రాగి మాత్రం ప్లగ్ అంచున తెగింది. తెగిన కొసలు ఒక వంపులో తగులుతున్నాయి, ఇంకో వంపులో తగలడం లేదు.

కుర్రాడు క్రింపింగ్ సరిగా చేయకపోవడం కాదు అసలు తప్పు. గోడలో వేసే కేబుల్‌ను కదిలే చోటికి తీసుకురావడం తప్పు.

గోడల్లో వేసే క్యాట్ 6 కేబుల్‌లో ఒక్కో తీగా ఒంటి రాగి కడ్డీ లాంటిది, మందం అర మిల్లీమీటరు పైచిలుకు. 23 గేజి అయితే 0.57 మిల్లీమీటర్లు. దుకాణంలో రెడీమేడ్‌గా దొరికే ప్యాచ్ కార్డులో తీగ మామూలుగా ఏడు పోగులు కలిపి పురిపెట్టింది. 24 గేజి కార్డులో ఒక్కో పోగు మందం 0.2 మిల్లీమీటర్లు. తీగను వంచితే వంపు లోపలి వైపు నొక్కుకుంటుంది, బయటి వైపు సాగుతుంది. ఎంత సాగుతుందన్నది తీగ మందాన్ని బట్టి ఉంటుంది. ప్లగ్ అంచున అర సెంటీమీటరు వ్యాసార్ధంతో మడత పడిందనుకుందాం. 0.57 మిల్లీమీటర్ల తీగ బయటి అంచు ఐదు శాతం పైన సాగాలి. 0.2 మిల్లీమీటర్ల పోగు అదే మడతలో రెండు శాతం సాగితే చాలు, ఎందుకంటే పోగులు ఒకదానిపై ఒకటి జారుతూ ఎవరి వంపు వాళ్లే వంగుతాయి.

ఇంతాచేసి ఐదుకూ రెండుకూ ఉన్న తేడానే కదా అనిపించవచ్చు. కానీ రాగి స్వభావం వేరు. వంచినకొద్దీ అది బిగుసుకుంటుంది, బిగుసుకున్నకొద్దీ పెళుసవుతుంది. కంసాలి తీగ లాగేటప్పుడు మధ్యమధ్య ఆపి నిప్పులో కాల్చి మళ్లీ లాగేది ఈ బిగువు పోగొట్టడానికే. గోడలోంచి వచ్చిన కేబుల్‌ను మెత్తబరచడానికి మధ్యలో ఎవరూ కాల్చరు. ప్రతి వంపూ పాత వంపుల మీద చేరుతుంది. సాగుడు సగానికి తగ్గితే తీగ ఓర్చుకోగల వంపుల సంఖ్య రెండింతలతో ఆగదు, అంతకు మించి పెరుగుతుంది. పైగా ఏడు పోగుల్లో ఒకటి తెగినా ఆరు మిగులుతాయి. ఒంటి తీగ తెగితే మిగిలేదేమీ లేదు. కదిలే చోట పోగుల కేబుల్ నెగ్గుకొచ్చేది ఈ రెండు కారణాల వల్లే.

మరి గోడలోనూ పోగుల కేబులే వేస్తే పోదా? పోదు. పొడవు పెరిగినకొద్దీ పోగుల కేబుల్‌లో సంకేతం ఎక్కువ నీరసిస్తుంది. నెట్‌వర్క్ వైరింగ్ ప్రమాణాలు 24 గేజి పోగుల కార్డుకు గోడ కేబుల్ కన్నా 20 శాతం, ఇంకా సన్నని 26 గేజి కార్డుకు 50 శాతం ఎక్కువ నష్టాన్ని లెక్కలో వేసుకుంటాయి. అందుకే మొత్తం 100 మీటర్ల దారిలో 90 మీటర్లు గోడలోని ఒంటి తీగకు, రెండు చివర్ల ప్యాచ్ కార్డులకు కలిపి 10 మీటర్లు అని పంచారు. ఇంట్లో 20, 25 మీటర్లు మించని దారికి ఈ నష్టం పెద్ద లెక్కలోకి రాదని ఒప్పుకోవాల్సిందే. గోడలో పోగుల కేబుల్‌ను ఇంట్లోనైనా వద్దనడానికి బలమైన కారణం వేరే ఉంది. అది గోడ పెట్టెలోని కీస్టోన్ జాక్ లోపల ఉంటుంది.

కీస్టోన్ జాక్ అంటే బొటనవేలంత ప్లాస్టిక్ దిమ్మ. ముందు వైపు ప్లగ్ దూరే రంధ్రం, వెనక వైపు లేదా పక్కల ఎనిమిది సన్నని గాళ్లు. ఒక్కో గాడి లోపల ఎదురెదురుగా రెండు లోహపు రేకులు నిలబడి ఉంటాయి. వాటి మధ్య సందు తీగలోని రాగి మందం కన్నా ఇరుకు. తీగ పైనున్న ప్లాస్టిక్ తొడుగు ఒలవకుండానే ఆ సందులోకి దించుతారు. దిగేటప్పుడు రేకుల అంచులు తొడుగును చీల్చి, రాగిని రెండు వైపులా కొద్దిగా కొరికి, స్ప్రింగులా వెనక్కి జరిగి ఆ తీగను నొక్కి పట్టుకుంటాయి. టంకం లేదు, స్క్రూ లేదు. రాగీ రేకూ ఎంత గట్టిగా ఒత్తుకుంటాయంటే ఆ తగిలే చోటికి గాలి చొరబడదు. గాలి తగలకపోతే చిలుము పట్టదు. సరిగా దిగిన తీగ ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది.

ఈ పట్టు నిలవాలంటే రేకులు ఒత్తుతున్న వస్తువు ఆ ఒత్తిడికి ఎదురు నిలబడాలి. ఒంటి తీగ గుండ్రంగా, గట్టిగా నిలబడుతుంది. ఏడు పోగుల తీగ నిలబడదు. ఒత్తిడి పడగానే పోగులు పక్కలకు సర్దుకుని, సందులో ఒకదాని కింద ఒకటి వరుస కడతాయి. ఒకటో రెండో పోగులు రేకుకు తగిలి తెగిపోతాయి. ఆ రోజు టెస్టర్ లైటు వెలుగుతుంది. వేడికీ చలికీ పోగులు ఇంకాస్త సర్దుకున్నకొద్దీ పట్టు సడలి, సందులోకి గాలి చేరి, ఎప్పుడు పనిచేస్తుందో ఎప్పుడు చేయదో తెలియని లింకు తయారవుతుంది. పోగుల తీగ కోసమే చేసిన జాక్‌లు కొన్ని ఉన్నాయి గానీ మామూలు దుకాణంలో దొరికేవి ఒంటి తీగ కోసమే.

తీగను గాడిలోకి దించడాన్నే పంచ్ డౌన్ అంటారు, మన పనివాళ్లు పంచింగ్ అంటారు. దానికి వాడే పనిముట్టు పంచింగ్ టూల్. టెలిఫోన్ శాఖలో పనిచేసినవాళ్లు క్రోన్ టూల్ అన్నా ఇలాంటి పనిముట్టే గుర్తు చేసుకుంటారు. కాకపోతే క్రోన్ బ్లేడు వేరు, నెట్‌వర్క్ జాక్‌లలో ఎక్కువగా వచ్చే 110 రకం బ్లేడు వేరు. ఒకదాని బదులు ఇంకోటి వాడితే గాడి పాడవుతుంది. టూల్‌ను నిటారుగా పెట్టి నొక్కితే లోపలి స్ప్రింగు టక్కుమని విడుదలై, తీగను ఒక్క దెబ్బకు అడుగుదాకా దించుతుంది, అదే దెబ్బకు బయట మిగిలిన ముక్కను కత్తిరిస్తుంది. బ్లేడుకు ఒక వైపే కత్తి ఉంటుంది. ఆ వైపు జాక్‌కు బయటికి ఉండాలి. తిప్పి పెడితే మిగులు ముక్క అలాగే ఉంటుంది, కేబుల్ వైపు తీగ తెగిపోతుంది. కొత్తవాళ్లంతా ఒకసారైనా చేసే పని ఇది. స్క్రూడ్రైవరుతో నొక్కడం ఇంకా పెద్ద నేరం. అది రేకులను ఎడం చేస్తుంది, ఒకసారి ఎడమైన రేకులు మళ్లీ దగ్గరికి రావు.

హనుమకొండ ఇంట్లో చేసిన పని చెబితే వరుస అర్థమవుతుంది. ముందు తెగిన చోటు దాటి నాలుగు వేళ్ల కేబుల్ కోసి పారేశాం. కొత్త చివర పై తొడుగును నాలుగు సెంటీమీటర్ల మేర చుట్టూ లేతగా గాటు పెట్టి లాగేశాం. గాటు లోతైతే లోపలి తీగ మీద గీత పడుతుంది, రేపు అక్కడే తెగుతుంది. క్యాట్ 6 కేబుల్ మధ్యలో నాలుగు జంటలను వేరుగా ఉంచే ప్లాస్టిక్ కూడిక గుర్తు ఉంటుంది, దాన్ని పై తొడుగు అంచుదాకా కత్తిరించాం. తర్వాత రంగులు. జాక్ పక్కన అంటించిన కాగితం మీద ఎ, బి అని రెండు వరుసలుంటాయి. రెండింటికీ తేడా నారింజ, ఆకుపచ్చ జంటలు చోట్లు మార్చుకోవడమే. మన దగ్గర ఎక్కువగా బి నడుస్తుంది. ఏది వాడినా రెండు చివర్లా అదే ఉండాలి. ప్లగ్ క్రింప్ చేసి అలవాటైనవాళ్లు ఇక్కడ తడబడతారు, ఎందుకంటే జాక్ మీద గాళ్లు ఒకటి నుంచి ఎనిమిది వరుసలో ఉండవు. కంపెనీని బట్టి వరుస మారుతుంది. లోపలి పలక ఎవరి తీగను వాళ్ల పిన్నుకు చేరుస్తుంది. అందుకని కంఠతా వచ్చిన వరుసను మరిచిపోయి, కాగితం మీది రంగు చూసి దించాలి.

దించేటప్పుడు పురి విప్పడం దగ్గర పిసినారితనం కావాలి. జంటలోని రెండు తీగల్లో సంకేతం ఎదురెదురుగా నడుస్తుంది. పురి ఉన్నందువల్లే పక్క జంట నుంచి వచ్చే గోల రెండింటి మీదా సమానంగా పడి, చివర్లో కొట్టివేతకు గురవుతుంది. పురి విప్పిన మేర ఆ రక్షణ ఉండదు. ప్రమాణాలు అనుమతించేది 13 మిల్లీమీటర్లే, గాడి అంచుదాకా పురిని ఉంచగలిగితే ఇంకా మంచిది. చక్కగా దువ్వినట్టు సాపు చేసి పెట్టిన తీగలు చూడముచ్చటగా ఉంటాయి, వేగాన్ని తింటాయి. జాక్ మూత పెట్టి, ఫేస్ ప్లేట్‌లో టక్కున బిగించి, మిగిలిన కేబుల్‌ను పెట్టెలో విశాలంగా చుట్టి పెట్టాం. క్యాట్ 6 కేబుల్‌ను దాని మందానికి నాలుగింతల వ్యాసార్ధం కన్నా ఇరుకుగా వంచకూడదు, అంటే దాదాపు రెండున్నర సెంటీమీటర్లు. లోతు తక్కువ పెట్టెల్లో ఇది కష్టమే. ఇల్లు కట్టేటప్పుడే లోతైన పెట్టె పెట్టించి, ఒక అడుగు కేబుల్ మిగులు వదలమని చెప్పాలి. ఇక్కడ మిగిలింది జానెడే, ఇంకోసారి తెగి ఉంటే గోడ పగలగొట్టాల్సి వచ్చేది.

ఫేస్ ప్లేట్ నుంచి కంప్యూటరు దాకా ఒకటిన్నర మీటర్ల ప్యాచ్ కార్డు వేశాం. ఇప్పుడు టేబుల్ ఎంత జరిగినా వంగేది ఆ కార్డే. చెడిపోతే ఇంకో కార్డు కొనుక్కోవచ్చు. సెట్టింగుల పేజీలో `1000/1000 (Mbps)` వచ్చింది, కొలిస్తే 280 దాటింది.

ఇదే తర్కం కింద హాల్లో రౌటరు దగ్గర ప్యాచ్ ప్యానెల్‌గా మారుతుంది. ఆ ఇంట్లో అయిదు గదుల నుంచి అయిదు కేబుళ్లు ఒక అరలోకి వచ్చి, అయిదు ప్లగ్గులుగా నేరుగా రౌటరు వెనక గుచ్చి ఉన్నాయి. దుమ్ము దులిపినా, రౌటరు మార్చినా అయిదు గోడ కేబుళ్లూ కదిలేవి. ప్యాచ్ ప్యానెల్ అంటే వరుసగా జాక్‌లు బిగించిన పట్టీ, అంతకు మించి మాయ లేదు. కరెంటు అక్కర్లేదు, లోపల తెలివీ లేదు. గోడ కేబుళ్లు వెనక పంచ్ అయి, అక్కడే కట్టేసి ఉంటాయి. మార్పులన్నీ ముందు వైపు, పొట్టి ప్యాచ్ కార్డులతో. ఆఫీసుల ర్యాకుల్లో కనిపించేది 24 జాక్‌ల పట్టీ, ఎత్తు 44.45 మిల్లీమీటర్లు. వాటిలో చాలావాటికి వెనక గాళ్లు శాశ్వతంగా అతికే ఉంటాయి, ఒక గాడి చెడితే ఆ పోర్టును వదులుకోవాల్సిందే. ఇంటికి నేను ఖాళీ కీస్టోన్ ప్యానెల్ కొనమనే చెబుతాను. గోడలో వాడిన జాక్‌లే ఇందులోనూ పడతాయి, ఒకటి చెడితే దాన్నొక్కదాన్నే తీసి మార్చుకోవచ్చు. ప్రతి జాక్ కిందా గది పేరు రాసిపెట్టడం మాత్రం ఆ రోజే చేయాలి. రేపు రాద్దామనుకున్న ప్యానెల్ మీద పేర్లు ఎప్పటికీ ఉండవు.

పంచింగ్ అయ్యాక టెస్టర్‌లో ఎనిమిది లైట్లూ వరుసగా వెలిగినంత మాత్రాన అంతా బాగున్నట్టు కాదు. చవక టెస్టర్ చూసేది ఒకటో తీగ అవతల ఒకటిగానే చేరిందా అన్నదే. ఎవరి జంట ఎవరితో ఉందో అది చూడదు. రెండు చివర్లా ఒకే తప్పు చేస్తే, ఉదాహరణకు మూడు, నాలుగు పిన్నులకు ఆకుపచ్చ జంట, అయిదు, ఆరు పిన్నులకు నీలం జంట ఇచ్చేస్తే, లైట్లన్నీ సక్రమంగానే వెలుగుతాయి. కానీ మూడు, ఆరు పిన్నుల మీద నడవాల్సిన ఒకే సంకేతం రెండు వేర్వేరు జంటల్లోని సగాల మీద నడుస్తుంది, పురి రక్షణ పోతుంది. పొట్టి కేబుల్‌లో ఎలాగో నడిచి, పొడవు కేబుల్‌లో తడబడుతుంది. లైట్లు బాగుండి వేగం బాగాలేకపోతే రెండు జాక్‌ల మూతలూ తీసి రంగులు కళ్లతో చూడాల్సిందే.

కేబుల్ కొనేటప్పుడు ఇంకో ఉచ్చు ఉంది. మార్కెట్లో చాలా చవకగా దొరికే పెట్టెల్లో కొన్ని అల్యూమినియం తీగ మీద రాగి పూత వేసినవి. పైకి ఎర్రగానే ఉంటుంది. బ్లేడుతో గీకితే లోపల తెల్లగా తేలుతుంది. అల్యూమినియం రాగి కన్నా కరెంటుకు ఎక్కువ అడ్డు చెబుతుంది, కాబట్టి లాన్ కేబుల్ ద్వారానే కరెంటు తీసుకునే కెమెరాలు దూరంలో తడబడతాయి. వంపుకు త్వరగా తెగుతుంది, జాక్ రేకుల మధ్య ఒత్తిడికి నిలబడకుండా మెల్లగా జారుకుంటుంది. నెట్‌వర్క్ ప్రమాణాలు దీన్ని ఒప్పుకోవు. పెట్టె బరువు కూడా గుట్టు చెబుతుంది. 305 మీటర్ల 23 గేజి కేబుల్‌లో ఎనిమిది తీగల రాగి ఒక్కటే ఐదున్నర కిలోల పైన తూగాలి. ప్లాస్టిక్‌తో కలిపి చేతికి తేలిగ్గా ఆడుతున్న పెట్టెను దుకాణంలోనే వదిలేయడం మేలు.

గోడ కేబుల్‌కు నేరుగా ప్లగ్ పెట్టడం అన్నిచోట్లా తప్పేనా అంటే, కాదు. పైకప్పుకు బిగించే కెమెరా, వైఫై పెట్టె వెనక జాక్ పెట్టడానికి చోటుండదు, అక్కడ ఒకసారి తగిలించాక ఎవరూ కదపరు కూడా. అమెరికా వైరింగ్ ప్రమాణం 2018 నుంచి ఇలాంటి చోట గోడ కేబుల్ చివర ప్లగ్‌ను అనుమతిస్తోంది. అయితే ఆ ప్లగ్ ఒంటి తీగ కోసం చేసిందై ఉండాలి. పోగుల తీగ ప్లగ్‌లోని పిన్ను మొన పోగుల మధ్యలోకి దిగుతుంది. అదే మొన ఒంటి తీగ నడినెత్తిన పడితే పక్కకు జారుతుంది. ఒంటి తీగ ప్లగ్‌లోని పిన్నుకు మొనలు ఎడంగా ఉండి తీగను రెండు వైపుల నుంచీ పట్టుకుంటాయి. రెండు ప్లగ్గులూ బయటికి ఒకేలా కనిపిస్తాయి, అందుకని ప్యాకెట్ మీద ఏ తీగకో రాసి ఉందేమో చూడాలి, లేదా దుకాణదారుణ్ణి అడగాలి. రెండింటికీ పనికొచ్చే మూడు మొనల పిన్ను ప్లగ్గులు కూడా వస్తున్నాయి, కెమెరాలు బిగించేవాళ్లు వాటినే సంచిలో ఉంచుకుంటే గొడవ ఉండదు.